ఆదాయపు పన్నా, అమ్మకపు పన్నా: ఎవరి మీద ఎంత బరువు?

గుంటూరు మిర్చి యార్డు హమాలీ ఇంట్లో నెలకు 15,000 ఆదాయం, విజయవాడ ఉద్యోగి ఇంట్లో 1,50,000 అనుకుందాం.

ఆదాయపు పన్ను: హమాలీ కట్టేది సున్నా. ఉద్యోగికి 2025-26 కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్సుతో కలిపి ఏడాదికి 1,50,800. అంటే ఆదాయంలో సుమారు 8.4 శాతం. ఆదాయంతో పాటు రేటూ పెరిగే ఇది పురోగామి పన్ను. అందరి దగ్గరా ఆదాయంలో 5 శాతమే తీసుకుంటే అది అనుపాత పన్ను.

అమ్మకపు పన్ను: అన్ని సరుకుల మీదా ఒకే 10 శాతం వేశారనుకోండి. హమాలీ ఇంటివాళ్లు కొనేది 13,000 సరుకు, పన్ను 1,300: ఆదాయంలో 8.7 శాతం. ఉద్యోగి ఇంట్లో కొనేది 60,000, పన్ను 6,000: 4 శాతమే. రేటు ఒకటే అయినా, దాచుకున్న డబ్బు మీద ఈ పన్ను పడదు. హమాలీకి దాచుకోవడానికి మిగిలేదెంత? 700. అందుకే దీన్ని తిరోగామి పన్ను అంటారు. రూపాయల్లో ఉద్యోగే ఎక్కువ కట్టాడన్న వాదన ఈ తేడాను కప్పేస్తుంది.

ఉద్యోగి ఆ పొదుపును రేపు ఖర్చుపెడితే అప్పుడు పన్ను పడుతుంది, నిజమే. కానీ హమాలీకి బరువు ఈ నెలే.

వసూలు: అమ్మకపు పన్ను బిల్లు దగ్గరే తేలిగ్గా వస్తుంది. లెక్క చూపని ఆదాయం మీద పన్ను రాబట్టడం కష్టం.

ఆదాయాలు నమోదు కాని చోట అమ్మకపు పన్ను తప్పదు. అప్పుడు విడి బియ్యం, కూరగాయలు, పాల లాంటివి మినహాయించాలి. జీఎస్టీలో అవి ఇప్పటికే అలా ఉన్నాయి. జీతాల లెక్క దొరికే చోట ఆదాయపు పన్నే న్యాయం.