హైదరాబాద్ నుంచి కాశీకి కారులో: ఒక రాత్రి ఆగాలా, రెండు రాత్రులా?

కార్తీకం దగ్గరపడగానే ఈ ప్రశ్న మొదలవుతుంది, శివరాత్రి దాకా ఆగదు. "అన్నా, కారులో కాశీ వెళ్తున్నాం. జబల్‌పూర్‌లో ఒక్క రాత్రి పడుకుంటే చాలదా?" అని. రూటు గురించి ఎవరూ అడగరు, అది అందరికీ తెలిసిందే: నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, సివనీ, జబల్‌పూర్, కట్నీ, రీవా, మీర్జాపూర్, కాశీ. మొత్తం పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అసలు సందేహమల్లా దాన్ని ఎన్ని ముక్కలు చేయాలన్నదే.

ముందు ముక్కల లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ సుమారు 500 కిలోమీటర్లు, నాగ్‌పూర్ నుంచి జబల్‌పూర్ 270, అక్కడి నుంచి రీవా 235, రీవా నుంచి కాశీ 240. ఒక్క రాత్రే ఆగేవాళ్లు ఎక్కువగా జబల్‌పూర్ ఎంచుకుంటారు. అంటే మొదటి రోజు 770, రెండో రోజు 475. దూరం సమంగా పంచుకోవాలనుకునేవాళ్లు సివనీలో ఆగుతారు. అప్పుడు రెండు రోజులూ దాదాపు 620 చొప్పున పడతాయి. రెండు రాత్రులు ఆగేవాళ్లకు నాగ్‌పూర్, రీవా సహజంగా కుదురుతాయి: 500, 500, 240.

కాగితం మీద ఒక రాత్రి ప్లానే ముద్దుగా కనిపిస్తుంది. ఒక రోజు సెలవు మిగులుతుంది, ఒక రాత్రి రూమ్ అద్దె మిగులుతుంది. నాలుగు వరుసల రోడ్డు మీద కారు వందలో పోతుంది కాబట్టి 770 అంటే ఎనిమిది గంటలే కదా అనుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. స్పీడోమీటర్ వంద చూపించినా టోల్ గేట్లు, ఊళ్ల దగ్గర సర్వీస్ రోడ్లు, లారీల వెనక నెమ్మదించడం, టీ, టిఫిన్, బాత్రూమ్ అన్నీ కలిపితే గంటకు సగటున 60 కిలోమీటర్లకు మించి రావడం కష్టం. పిల్లలో, అమ్మానాన్నలో వెంట ఉంటే 55. కాబట్టి 770కి పదమూడు గంటలు. కొంపల్లి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరినా జబల్‌పూర్ చేరేసరికి సాయంత్రం ఐదు దాటుతుంది. డిసెంబర్‌లో అక్కడ అప్పటికే పొద్దు వాలిపోతుంది.

సరే, మొదటి రోజు ఉత్సాహం ఉంటుంది, లాగేస్తాం. నాకు భయం రెండో రోజు గురించే. ఈ దారిలో కష్టమైన భాగం అంతా చివరి 240 కిలోమీటర్లలోనే ఉంది. రీవా దాకా రోడ్డు మన చేతిలో ఉంటుంది. రీవా దాటి మౌగంజ్, హనుమనా మీదుగా వెళ్తే ఉత్తరప్రదేశ్‌లో అడుగుపెట్టగానే డ్రమండ్‌గంజ్ ఘాట్ వస్తుంది. వింధ్య పీఠభూమి అక్కడ ముగిసి రోడ్డు గంగా మైదానంలోకి దిగుతుంది. మలుపుల కన్నా ముందు వెళ్లే లోడు లారీలతోనే ప్రమాదం. దిగుడంతా బ్రేక్ తొక్కుతూ వస్తే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. కాలుతున్న వాసన వచ్చిందంటే ముందున్న లారీ బ్రేకులు పోతున్నట్టే. ఓవర్‌టేక్ చేద్దామని దూరకుండా వెనకే బాగా దూరం ఉంచుకుని, మన బండిని రెండో గేర్‌లో దించాలి. ప్రయాగ్‌రాజ్ మీదుగా వెళ్దామన్నా తప్పదు, ఆ దారిలో సోహాగీ ఘాట్ ఉంటుంది. ఏ దారిన వెళ్లినా వింధ్య దిగాల్సిందే.

ఇప్పుడు జబల్‌పూర్ ప్లాన్‌లో ఈ ఘాట్ ఎప్పుడు తగులుతుందో చూడండి. ముందురోజు పదమూడు గంటలు నడిపిన మనిషి పొద్దున్నే లేవడమే కష్టం. ఏడింటికి బయల్దేరాడనుకుందాం. రీవా దగ్గరికి పదకొండు, భోజనం ముగిసేసరికి పన్నెండు. ఘాట్ మొదలయ్యేది రెండింటికి. అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే సమయం అదే. మీర్జాపూర్ దాటి కాశీ పొలిమేర చేరేది ఐదున్నరకు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. కాశీ మనకన్నా తూర్పున, ఉత్తరాన ఉంది. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం ఐదూ నలభై ఐదు ప్రాంతంలో అయితే, అక్కడ ఐదూ పదికే. అంటే తెలియని ఊళ్లోకి, ఈ-రిక్షాల మధ్యకు, చీకట్లో, అలసిన కళ్లతో వెళ్తామన్నమాట.

సివనీ ప్లాన్‌లో మొదటి రోజు కాస్త తేలికవుతుంది, కానీ రెండో రోజు ఇంకా బరువెక్కుతుంది. ఘాట్ సాయంత్రం నాలుగింటికి, కాశీ రాత్రి ఎనిమిదింటికి. దూరాన్ని సమంగా పంచడం వల్ల ఒరిగేదేమీ లేదు, కష్టమైన ముక్క అలసిన గంటల్లో పడుతోంది కాబట్టి.

రెండు రాత్రుల ప్లాన్‌లో మూడో రోజుకు 240 కిలోమీటర్లే మిగులుతాయి. దాంతో పొద్దున్నే హడావిడి పడక్కర్లేదు. చలికాలంలో ఇదే పెద్ద లాభం. డిసెంబర్ చివర, జనవరిలో గంగా మైదానం మీద పొగమంచు దిగితే కొన్ని రోజులు తొమ్మిది, పది దాకా విడవదు. రీవాలో టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరితే ఘాట్ పదకొండుకు, మైదానంలోకి దిగేసరికి మంచు చాలావరకు కరిగి ఉంటుంది. రెండు, రెండున్నరకు కాశీలో ఉంటాం. మంచులో ఇరుక్కుంటే హై బీమ్ వేయకండి, వెలుగు మన కళ్లలోకే తిరిగొస్తుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు పెట్టుకుని దగ్గర్లోని బంక్‌లోకో, డాబా ఆవరణలోకో దూరిపోవాలి. రోడ్డు పక్కన ఆపడం అన్నిటికన్నా ప్రమాదం.

పగలైతే అంతా క్షేమం అని నేను చెప్పడం లేదు. 2025 ఫిబ్రవరిలో కుంభమేళా నుంచి తిరిగొస్తున్న హైదరాబాద్ యాత్రికుల మినీబస్సును జబల్‌పూర్ జిల్లా సిహోరా దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చిన లారీ ఢీకొని ఏడుగురు చనిపోయారు. అది జరిగింది ఉదయం పూటే. ఆ హైవే మీద కుడివైపు లేన్‌లోనే ఎదురు బండి వస్తుందని ఎప్పుడూ అనుమానంగానే నడపాలి. తాజాగా ఉన్న కళ్లు కావాలనేది అందుకే.

ఇద్దరు డ్రైవర్లు మారుకుంటూ రాత్రంతా నాన్‌స్టాప్‌గా వెళ్లే పద్ధతి కూడా ఉంది. కుర్రాళ్లు వెళ్తుంటారు. వెళ్తున్న కారులో పడుకున్నది నిద్ర కాదు, రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఇద్దరికీ ఒకేసారి మగత వస్తుంది. అలా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. రైల్లో ప్రయాగ్‌రాజ్ దిగి అక్కడ టాక్సీ మాట్లాడుకోవడం వీటన్నిటికన్నా సులువు, కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లకు కావాల్సింది అది కాదు.

పెట్రోల్ సంగతి. బంక్‌లకు ఈ దారిలో కొదవ లేదు, తేడా అంతా ధరలోనే. 2025లో లీటరు పెట్రోల్ తెలంగాణలో 107 చుట్టూ, నాగ్‌పూర్‌లో సుమారు మూడు రూపాయలు తక్కువ, మధ్యప్రదేశ్‌లో మళ్లీ ఎక్కువ, ఉత్తరప్రదేశ్‌లో 95 చుట్టూ నడిచింది. వ్యాట్ తేడా వల్లే ఇదంతా. 40 లీటర్ల ట్యాంకు, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి అనుకోండి. ఫుల్ ట్యాంకుతో హైదరాబాద్‌లో బయల్దేరితే నాగ్‌పూర్ చేరాక ఇంకో వంద కిలోమీటర్లకు సరిపడా ఉంటుంది. అక్కడ మళ్లీ ఫుల్ కొట్టించి రీవా చేరితే కూడా అంతే మిగులుతుంది. సరిహద్దు రీవా నుంచి దాదాపు అంతే దూరం. ఆ లెక్కను నమ్ముకుని రిజర్వ్‌లో ఘాట్ దిగకండి. కట్నీ దగ్గర టీ కోసం ఎలాగూ ఆగుతారు, అక్కడే పది లీటర్లు పోయించుకుని, మిగతాది ఘాట్ దిగాక ఉత్తరప్రదేశ్‌లో నింపుకోండి. వచ్చేటప్పుడు ఆ రాష్ట్రం దాటేలోపే ట్యాంకు ఫుల్ చేసుకోవాలి. డీజిల్‌లో తేడా కొంచెం తక్కువ, అయినా వరస ఇదే.

ఇక రూములు. అన్నీ ముందే బుక్ చేసుకోవాలా, వెళ్లి చూసుకోవాలా అంటే ఊరిని బట్టి. నాగ్‌పూర్‌లో వార్ధా రోడ్డు వైపు హోటళ్లు చాలా ఉన్నాయి, మనం ఊళ్లోకి వచ్చేది కూడా ఆ వైపు నుంచే. మధ్యాహ్నం హింగణ్‌ఘాట్ దాటాక ఫోన్ చేసినా దొరుకుతుంది. ఊరి నడిబొడ్డున తీసుకోవద్దు, మర్నాడు పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి కామ్టీ వైపు బయటపడిపోవచ్చు. రీవా మాత్రం చిన్న ఊరు. పెళ్లిళ్ల సీజన్‌లో హోటళ్లు మొత్తంగా పెళ్లివారికే వెళ్లిపోతాయి. అక్కడ ముందే బుక్ చేసి, యాప్‌ను నమ్మకుండా బయల్దేరే ముందురోజు హోటల్‌కు ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకోవాలి. కారు గేటు లోపల పెడతారా, రోడ్డు మీదా అని కూడా అప్పుడే అడగండి.

ఏది తీసుకున్నా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోండి, వంద రూపాయలు ఎక్కువైనా సరే. 2025 ఫిబ్రవరి రెండో వారంలో కుంభమేళా రద్దీకి కట్నీ, మైహర్, రీవా ప్రాంతాల్లో పోలీసులు బండ్లను ఎక్కడికక్కడ ఆపేశారు. అలాంటప్పుడు రీవాలో డబ్బు కట్టేసిన రూము కోసం ముందుకు తోసుకుపోవాలనిపిస్తుంది. క్యాన్సిల్ చేసుకునే వీలుంటే జబల్‌పూర్‌లోనే ఆగిపోవచ్చు.

కాశీలో రూమ్ కన్నా ముందు పార్కింగ్ చూసుకోవాలి. ఘాట్ల దగ్గరి సత్రాలకు, ఆశ్రమాలకు కారు వెళ్లదు, సందులంతే. బేనియాబాగ్ లాంటి పార్కింగ్‌లో పెట్టేసి రిక్షాలో వెళ్లాలి. ఇది పగటి వెలుగులో చేసే పని, మూడో రోజు మధ్యాహ్నం చేరాలనడానికి ఇంకో కారణం.

సెలవులు మరీ తక్కువై ఒక్క రాత్రే కుదురుతుందంటే సివనీ వద్దు, జబల్‌పూర్‌లోనే ఆగండి. వెళ్లేది కూడా మార్చిలో పెట్టుకోండి, మంచు ఉండదు, పొద్దు ఆరు దాటేదాకా ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి మాత్రం నేను ఊళ్లు మారుస్తాను. కాశీ నుంచి జబల్‌పూర్ ఒక రోజు, అక్కడి నుంచి నిర్మల్ రెండో రోజు, సుమారు 560. నిర్మల్ చేరాక "ఇంకెంత, రెండు వందలే, ఇల్లొచ్చేసింది" అని కారులో అందరూ అంటారు. మేడ్చల్ దగ్గర రాత్రి పదకొండింటికి ఉండే లారీలను తలచుకుని రూమ్ తీసుకోండి. పొద్దున ఆరింటికి బయల్దేరితే పదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు.