స్టాండర్డ్ డిడక్షనా, ఖర్చుల లెక్కా?

అమెరికాలో టాక్స్ ఫైల్ చేసే రోజుల్లో మనవాళ్ల ఇళ్లలో ఒకటే టెన్షన్: రసీదులన్నీ వెతకాలా? 2024 లెక్కనే చూద్దాం. కలిసి ఫైల్ చేసే దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం, 29,200 డాలర్లు. రసీదు ఏదీ అక్కర్లేదు. దీని బదులు అసలు ఖర్చులను విడివిడిగా చూపి తగ్గించుకోవచ్చు, రెండిట్లో ఒక్కటే.

డాలస్‌లో ఇల్లున్న ఒక జంట ఇంటి అప్పు వడ్డీ 16,000, ఇంటి పన్ను 9,000, గుడికిచ్చిన విరాళం 2,000 కట్టారనుకోండి. మొత్తం 27,000. ఖర్చులు విడివిడిగా చూపిస్తే వాళ్లకే నష్టం. వడ్డీ 24,000, ఇంటి పన్ను 12,000, విరాళం 3,000 అయితే మాత్రం ఖర్చులు చూపడమే మేలు. అయితే ఆ ఏడాది రాష్ట్ర, స్థానిక పన్నులకు పరిమితి 10,000 కాబట్టి లెక్కకొచ్చేది 37,000. స్టాండర్డ్ కంటే అదనంగా తగ్గేది 7,800 మీద పన్నే. 22 శాతం శ్లాబులో 1,716 డాలర్లు. చాలామంది 37,000 మొత్తం లాభమనుకుంటారు, అది పొరపాటు.

అద్దె ఇళ్లవాళ్లకు దాదాపు ఎప్పుడూ స్టాండర్డే లాభం. అక్కడి పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లయినవాళ్లకు మామూలుగా ఇది ఉండదు, కానీ భారత్‌తో పన్ను ఒప్పందం 21వ అధికరణ వల్ల మన విద్యార్థులకు దొరుకుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కోట్లమంది కొత్తగా పన్ను కట్టాల్సివచ్చినప్పుడు, వాళ్లకు లెక్కలు తేలిక చేయడానికే 1944లో స్టాండర్డ్ డిడక్షన్‌ను తెచ్చారు. 2018లో దాదాపు రెట్టింపు చేశారు. రసీదులు తగ్గితే తనిఖీ భారమూ తగ్గుతుంది. నాకిది న్యాయంగానే అనిపిస్తుంది, 2024 లెక్కలో చిన్న విరాళాలకు పన్ను ఊరట పోయినా.