ఆదివారం, పండుగ డ్యూటీలకు పాయింట్ల పుస్తకం: మూడేళ్లు వాడాక

గోదావరి జిల్లాల్లో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్ని. మా దగ్గర స్టాఫ్ నర్సులు పద్నాలుగు మంది. ఆదివారమైనా పండుగైనా ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఇద్దరు ఉండాల్సిందే. అంటే రోజుకు ఏడు డ్యూటీలు. లెక్క ప్రకారం ఒక్కొక్కరికి నెలకు రెండు ఆదివారాలు ఖాళీగా దొరకాలి.

కానీ అలా దొరికేవి కావు. 2022లో వేసిన డ్యూటీ చార్టులన్నీ ముందు పెట్టుకుని నేనే లెక్కపెట్టాను. హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి ఆ ఏడాది 37 ఆదివారాలు పనిచేసింది. ఇంకొకామె 15. ఎవరూ కావాలని చేసింది కాదు. ముందుగా వచ్చి అడిగినవాళ్లకు నేను సరే అన్నాను, అడగని అమ్మాయికి మిగిలింది ఇచ్చాను. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. 2023 జనవరిలో పాయింట్ల పుస్తకం మొదలుపెట్టాం.

పుస్తకం అంటే గీతల రిజిస్టరే, నర్సుల టేబుల్ దగ్గర వేలాడుతుంది. ఒక్కొక్కరికి ఒక పేజీ. ఆదివారం డ్యూటీ చేస్తే ఒక పాయింటు, పండుగకు మొదట్లో మూడు. వచ్చే నెల చార్టు వేసేటప్పుడు తక్కువ పాయింట్లు ఉన్నవాళ్ల నుంచి ఆదివారాలు నింపుకుంటూ వస్తాను. నెల మారినా, ఏడాది మారినా మొత్తం అలాగే ముందుకు సాగుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పోయిన సంక్రాంతికి ఎవరు ఉన్నారో గుర్తు తెచ్చుకుని వాదించుకోవాల్సిన పని లేదు, పేజీ తిప్పితే చాలు.

మొదటి తప్పు రెండో నెలలోనే బయటపడింది. తేదీని బట్టి పాయింట్లు వేశాం. శనివారం రాత్రి ఎనిమిదికి వచ్చి ఆదివారం ఉదయం ఎనిమిదికి దిగే మనిషికి సున్నా వచ్చింది. ఆమె ఆదివారం ఎలా గడిచింది? ఇంటికి వెళ్లి మధ్యాహ్నం దాకా నిద్ర. "అక్కా, చర్చికి వెళ్లలేదు, పిల్లలతో కూర్చుని తినలేదు, పుస్తకంలో మాత్రం నేను సెలవులో ఉన్నాను" అంది ఒక సిస్టర్. అప్పటి నుంచి శనివారం నైట్‌కు పూర్తి పాయింటు, ఆదివారం నైట్‌కు అర పాయింటు. పండుగలకూ అంతే, ముందు రోజు రాత్రే అసలు బరువు.

రెండో తప్పు నాది. క్రైస్తవులు క్రిస్మస్‌కు ఇంట్లో ఉంటారు, సంక్రాంతికి డ్యూటీ చేస్తారు అని మనసులో వేసుకుని చార్టు రాసేశాను. అలా రాసిన ఒక సిస్టర్ వచ్చి, "మేడం, మా పిల్లలకూ బడి సెలవులు సంక్రాంతికే. మా అన్నదమ్ములందరూ ఊరికి వచ్చేది ఆ మూడు రోజులే" అంది. ఆమె మాట నిజం. అందుకే ఇప్పుడు డిసెంబరులో అందరికీ ఒక చీటీ ఇస్తాం. వచ్చే ఏడాదిలో తప్పకుండా కావాల్సిన రెండు సందర్భాలు వరుసలో రాయాలి. మతం అడగం, కారణం అడగం. తమ్ముడి పెళ్లి రాసినా, ఊళ్లో అమ్మవారి జాతర రాసినా చెల్లుతుంది.

2025 సంక్రాంతి ఈ పుస్తకానికి అసలు పరీక్ష. జనవరి 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. తొమ్మిది మంది చీటీలో సంక్రాంతి మొదట రాశారు. రాయనివాళ్లు ఐదుగురే. మూడు రోజులకు కావాల్సినవి 21 డ్యూటీలు. ఆ ఐదుగురూ మూడు రోజులూ వస్తే 15 అవుతాయి, ఇంకా ఆరు మిగులుతాయి. కాబట్టి సంక్రాంతి కోరినవాళ్లలో ఆరుగురు ఒక్కో డ్యూటీ చేయాలి, ముగ్గురికి పూర్తిగా సెలవు. 2024 సంక్రాంతికి పనిచేసినవాళ్లు ముగ్గురున్నారు, ముందుగా వాళ్లను వదిలేశాం.

ఆ ఐదుగురిలో ఇద్దరు 12, 13, 14 తేదీల నైట్లు తీసుకున్నారు, ముగ్గురు ఉదయాలు. మిగిలినవి రోజుకు రెండు మధ్యాహ్నాలు. శ్రీకాకుళం వెళ్లాల్సిన అమ్మాయికి 14 మధ్యాహ్నం వేస్తే రాకపోకలకే పండుగ అయిపోతుంది. అందుకని ఆమెకూ ఇంకొకరికీ భోగి మధ్యాహ్నం ఇచ్చి, రాత్రి రైలు అందేలా పంపాం. దగ్గర ఊరి వాళ్లిద్దరు కనుమ మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. 14న మాత్రం ఈ ఊళ్లోనే ఉండే ఇద్దరిని వేశాం. పొద్దున్నే ముగ్గులు, పూజ, భోజనం ముగించుకుని రెండింటికి వచ్చారు. ఆ ఏడాది సంక్రాంతి కోరినవాళ్లందరూ వాళ్ల వాళ్ల ఇళ్లకు వెళ్లగలిగారు. నాకు అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

ఇబ్బంది ఆ తర్వాత వచ్చింది. ఐదుగురికి తొమ్మిదేసి పాయింట్లు పడ్డాయి, ఆరుగురికి మూడేసి, ముగ్గురికి ఏమీ లేవు. పుస్తకం చెప్పినట్టే చార్టు వేస్తే ఫిబ్రవరిలో ఆ ఐదుగురికి ఒక్క ఆదివారం డ్యూటీ కూడా రాలేదు. ఏడు డ్యూటీలూ మిగిలిన తొమ్మిది మందే మోశారు. నెలకు ఒక్క ఆదివారమైనా ఇంట్లో ఉండటం వాళ్లకు కష్టమైంది. ఇంట్లో చంటిపిల్ల ఉన్న సిస్టర్ నా ముందు ఏడ్చేసింది. మార్చి నుంచి పండుగకు మూడుకు బదులు రెండు పాయింట్లు చేశాం. ఎవరి లెక్క ఎలా ఉన్నా వరుసగా మూడు ఆదివారాలు వేయకూడదని కూడా రాసుకున్నాం. తేడా సర్దుకోవడానికి ఇప్పుడు నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

అదే మార్చిలో ఉగాది 30న ఆదివారం వచ్చింది, రంజాన్ నెలవంకను బట్టి 31న గానీ ఏప్రిల్ 1న గానీ అన్నారు. చార్టు వారం ముందే వేయాలి. మా ముస్లిం సిస్టర్‌కు రెండు రోజులూ ఖాళీ ఉంచి, ఏప్రిల్ 1న అవసరమైతే ఆమె పని చేస్తానన్న ఇంకొకరి పేరు పెన్సిల్‌తో రాసుకున్నాం. 31నే పండుగైంది, ఆమె 1న డ్యూటీకి వచ్చింది. ఉగాదీ ఆదివారమూ కలిసిన రోజుకు రెండూ కూడం, పెద్దదే వేస్తాం.

కొత్తగా చేరినవాళ్ల సంగతి తప్పకుండా చెప్పాలి. జూన్‌లో చేరిన అమ్మాయి పేజీ సున్నాతో మొదలుపెట్టాం. అందరికన్నా తక్కువ కాబట్టి, వరుసగా మూడు కాకుండా వేయగలిగిన ప్రతి ఆదివారమూ ఆమెకే పడింది. రెండు నెలలు ఆ పిల్ల నోరెత్తలేదు, తల్లి ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకు, ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఆ రోజు వార్డు సగటు ఎంతుంటే అంత వేసి మొదలుపెడతాం.

డ్యూటీ మార్చుకోవచ్చు. ఇద్దరూ సంతకం చేయాలి, పాయింటు మాత్రం డ్యూటీ చేసినవాళ్లకు వెళ్తుంది. అయితే మూడు నెలలకోసారి ఆ సంతకాల పేజీ చదువుతాను. ఒక సీనియర్ డ్యూటీ ఎప్పుడూ ఒకే జూనియర్‌కే వెళ్తుంటే, ఇటు నుంచి అటు ఒక్కటీ రాకపోతే, అది ఇష్టంతో మార్చుకున్నది కాదు. ఒకసారి అలా కనిపించింది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడాక ఆగింది.

ఈ పుస్తకం చేయలేని పని ఒకటుంది. ప్రతి షిఫ్టులో అనుభవం ఉన్న సిస్టర్ ఒకరైనా ఉండాలి. మా దగ్గర అలాంటివాళ్లు ఐదుగురే, కాబట్టి వాళ్లకు ఆదివారాలు ఎక్కువే పడతాయి. వాళ్ల లెక్కను వాళ్లలో వాళ్లతోనే పోలుస్తున్నాం, అంతకు మించి దారి దొరకలేదు. ఇంకో ఇద్దరికి పని నేర్పిస్తున్నాను. వాళ్లు రాత్రి ఒంటరిగా వార్డు చూడగలిగిన రోజున ఆ ఐదు పేజీలు ఏడవుతాయి.