ఈనిన ఆవుకు బెల్లమా, బైపాస్ ఫ్యాటా, గ్లైకాలా?

ఈనిన ఆవు దాణా మానేసిందని ఫోన్ చేసే రైతులు మందు సంగతి అయ్యాక తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "బెల్లం నీళ్లు పట్టమంటారా, బైపాస్ ఫ్యాట్ కలపమంటారా, గ్లైకాల్ సీసా కొనమంటారా డాక్టరుగారూ?" మూడూ బలానికేగా అన్నది వాళ్ల లెక్క. బలానికే, కాదనను. కానీ ఈనిన తొలి మూడు వారాల్లో ఆవుకు కొరత పడేది గ్లూకోజు. ఈ మూడింటిలో ఏది గ్లూకోజుగా మారుతుందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

మూడో ఈత హెచ్‌ఎఫ్ సంకర ఆవు ఒకటి అనుకుందాం. ఈని తొమ్మిది రోజులైంది. పద్దెనిమిది లీటర్లు ఇచ్చేది పన్నెండుకు దిగింది. దాణా తొట్టిలో మూతి పెట్టి వెనక్కి తీసుకుంటోంది, వరిగడ్డి మాత్రం నములుతోంది. జ్వరం లేదు, పేడ గట్టిగా పడుతోంది. చూడి నెలల్లో బాగా ఒళ్లు చేసిన ఆవు, ఇప్పుడు తుంటి ఎముకలు తేలుతున్నాయి. ముందు దాణా, తర్వాత పచ్చిమేత మానేసి ఎండుగడ్డికి దిగడం, గ్లూకోజు చాలక ఒంట్లో కీటోన్లు పెరిగే కీటోసిస్ జబ్బుకు బాగా తెలిసిన గుర్తు. ఊపిరిలో నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన అందరి ముక్కుకూ అందదు, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

పరీక్షకు మానం కింద చేత్తో మెల్లగా రుద్దితే ఆవు మూత్రం పోస్తుంది. మందుల షాపులో దొరికే కీటోన్ పట్టీని అందులో ముంచి, సరిగ్గా 15 సెకన్లకు రంగు చూడాలి. ఆలస్యమైతే రంగు ముదిరి లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. రక్తం మీటరు ఇంకా నికరం: రక్తంలోని కీటోను బీహెచ్‌బీ లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే లోలోపల మొదలైనట్టే, 3 దాటితే తీవ్రం. మీటరు పట్టీల ఖరీదు పది ఆవులున్న షెడ్డుకు గిడుతుందేమో గానీ, ఒకటి రెండు ఆవులున్నవాళ్లకు మూత్రం పట్టీయే చాలు. ఈనిన రెండో, మూడో రోజు నుంచి రెండు వారాల దాకా వారానికి రెండుసార్లు చూసుకుంటే, పాలు తగ్గకముందే దొరుకుతుంది.

లీటరు పాలు తయారు కావడానికి దాదాపు 70 గ్రాముల గ్లూకోజు కావాలి. పద్దెనిమిది లీటర్లకు కిలోంపావు. మేతతో అంత అందకపోతే ఆవు ఒంటి కొవ్వు కరిగిస్తుంది. ఆ కొవ్వు భారం కాలేయం మీద పడుతుంది, అక్కడ పూర్తిగా ఖర్చు కానిది కీటోన్లుగా బయటికొస్తుంది.

ఇప్పుడు బెల్లం. మనిషికి తీపి నేరుగా రక్తంలోకి పోతుంది, ఆవుకు అలా కాదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని ముందే పులియబెట్టేస్తాయి. అందులో కొంత గ్లూకోజుకు పనికొచ్చే ప్రొపియోనిక్ ఆమ్లమవుతుంది. బ్యూటిరిక్ ఆమ్లమూ బాగానే తయారవుతుంది, అది పొట్ట గోడ దాటేటప్పుడే కీటోనుగా మారుతుంది. అంటే తగ్గించాలనుకున్నదే కొంత పెంచుతున్నాం. దాణాకు రుచి కోసం గుప్పెడు చల్లితే తప్పులేదు. కిలోల లెక్కన పడితే పొట్ట పులిసి, ఉన్న ఆకలీ పోతుంది.

బైపాస్ ఫ్యాట్ మంచి సరుకే, వేళ మాత్రం ఇది కాదు. అది కొవ్వు. కొవ్వుతోనే సతమతమవుతున్న కాలేయానికి మరికాస్త కొవ్వు తోడవుతుంది తప్ప గ్లూకోజు రాదు. ఆవు దాణా మామూలుగా తినడం మొదలుపెట్టి, పాలు ఎక్కువిచ్చే దశలో ఉంటే, అప్పుడు రోజుకు 100–200 గ్రాములు దాణాలో కలపండి.

పట్టీ రంగు మారిన ఆవుకు నా ఓటు ప్రొపిలీన్ గ్లైకాల్‌కే. అందులో ఎక్కువ భాగం పొట్టలో పులియకుండా రక్తంలోకి చేరి కాలేయంలో గ్లూకోజవుతుంది. దాంతో ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పెరిగితే ఒంటి కొవ్వు కరగడం నెమ్మదిస్తుంది. నా దృష్టిలో అసలు లాభం ఇదే, మిగతా రెండూ ఈ పని చేయవు. మోతాదు రోజుకు ఒకసారి 300 మిల్లీలీటర్లు, ఐదు రోజులు. దాణాలో పోస్తే కొంచెం కొంచెంగా తిని పొట్టలోనే పులియబెట్టుకుంటుంది కాబట్టి ఒక్కసారే నోట పట్టాలి. తల మరీ ఎత్తకుండా, నాలుక లాగకుండా పట్టండి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మోతాదు పెంచితే ఆవు మత్తుగా తూలుతుంది. సీసా కొనేముందు లేబుల్ మీద శాతం చూడండి. నూటికి 30 వంతులే గ్లైకాల్ ఉన్న టానిక్కు అయితే 300 మిల్లీలీటర్ల కోసం లీటరు పట్టాల్సి వస్తుంది. రేడియేటర్లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ వేరు, అది విషం.

డెక్స్‌ట్రోస్ సెలైన్ గురించీ అడుగుతుంటారు. 25 శాతం సీసా, అర లీటరు, అందులో గ్లూకోజు 125 గ్రాములు. రెండు లీటర్ల పాలకు కూడా చాలదు. పడిపోయే స్థితిలో ఉన్న ఆవును నిలబెట్టడానికి డాక్టరు ఎక్కించాలి, తర్వాత గ్లైకాల్ కొనసాగించాలి. కాల్షియం ప్రొపియోనేటూ పనిచేస్తుంది, గ్లైకాల్ దొరకనిచోట చూసుకోవచ్చు.

ఐదు రోజుల తర్వాత పట్టీ మళ్లీ ముంచండి. రంగు తగ్గకపోయినా, జ్వరం ఉన్నా, మాయ పడకపోయినా, ఆవు గోడలు నాకుతూ పిచ్చిగా ప్రవర్తిస్తున్నా సీసాల మీద డబ్బు తగలేయకుండా పశువైద్యుణ్ణి పిలవండి. గర్భసంచి వాపో, నాలుగో పొట్ట పక్కకు జరగడమో వెనక ఉంటే అది సరిచేసేదాకా ఆవు మేత ముట్టదు.