పరుగెత్తేవాడికి ఎంత ముందు కాల్చాలి? ఆరేళ్ల కార్98కే, రెండేళ్ల ఏడబ్ల్యూపీ

పబ్జీలో కార్98కే తుపాకీతో ఆరేళ్లు ఆడాను. ఆ తర్వాత రెండేళ్లుగా కౌంటర్ స్ట్రైక్‌లో ఏడబ్ల్యూపీ పట్టుకున్నాను. రెండూ స్కోపు పెట్టి ఒక్కొక్క తూటా కాల్చే స్నైపర్ తుపాకులే. మొదటిదానిలో బాగా కుదిరిన చేయి రెండోదానిలో మొదటి నెలంతా గాలిలోకే కాల్చింది. కారణం చేతిలో లేదు, తూటాను ఆ రెండు ఆటలు లెక్కగట్టే పద్ధతిలో ఉంది.

కౌంటర్ స్ట్రైక్‌లో నిజానికి తూటా అంటూ ఏదీ ఎగరదు. మీట నొక్కిన క్షణంలో ఆట మన గురి వైపు ఒక సరళరేఖ గీసి, ఆ రేఖకు ముందుగా తగిలింది ఏమిటో చూస్తుంది. గోడ తగిలితే గోడ, మనిషి తగిలితే మనిషి. దీన్నే హిట్‌స్కాన్ అంటారు. పబ్జీలో తూటా ఒక వస్తువు. దానికి వేగం ఉంది, గాలి దాన్ని నెమ్మదింపజేస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కార్98కే తూటా సెకనుకు 760 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. వినడానికి చాలా వేగమే. కానీ 300 మీటర్లు దాటడానికి దానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. ఆ లోపు సెకనుకు ఆరు మీటర్ల చొప్పున అడ్డంగా పరుగెత్తేవాడు రెండు మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోతాడు. తల మీద గురి పెట్టి కాలిస్తే తూటా అతని వెనక ఖాళీ నేలకు తగులుతుంది. అందుకే గురిని మనిషికి ముందు ఖాళీలో పెట్టాలి. ఆ ఖాళీని ఆటగాళ్లు లీడ్ అంటారు.

మొదటి ఏడాది నేను లీడ్‌ను మనుషుల లెక్కన నేర్చుకున్నాను. దగ్గరవాడికి ఒక మనిషి వెడల్పు, దూరంవాడికి మూడు, ఇంకా దూరమైతే అయిదు. ఆ లెక్క ఎప్పుడూ నిలకడగా పనిచేయలేదు. దూరం అంచనా తప్పితే లీడ్ కూడా తప్పేది. ఒకరోజు జంటగా ఆడుతున్న మా బావ అడిగాడు: "తగలలేదని తిట్టుకోవడం సరే, దుమ్ము ఎక్కడ లేచిందో చూశావా?" చూడలేదు. స్కోపు తీసి బోల్టు లాగే కంగారులో అంతవరకు ఎప్పుడూ చూడలేదు.

అప్పటినుంచి చూడటం మొదలుపెట్టాను. శిక్షణ మైదానంలో బావ అడ్డంగా పరుగెత్తేవాడు, నేను కాల్చి స్కోపు నుంచి కన్ను తీయకుండా దుమ్ము కోసం చూసేవాణ్ని. దుమ్ము అతని వెనక లేస్తే లీడ్ చాలలేదు. ముందు లేస్తే ఎక్కువైంది, లేదా కాల్చే క్షణంలో అతను ఆగాడు. వారం తర్వాత తేలిన విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. 150 మీటర్లలో తగిలినప్పుడు, 300 మీటర్లలో తగిలినప్పుడు స్కోపు అడ్డగీత మీద అతను ఉన్న చోటు దాదాపు ఒకటే.

కాగితం మీద వేసి చూస్తే కారణం సులువుగానే దొరికింది. 150 మీటర్లకు తూటా 0.2 సెకనులో చేరుతుంది, ఆ లోపు మనిషి 1.2 మీటర్లు కదులుతాడు. దూరం 300 అయితే సమయం రెట్టింపు, కదలిక రెట్టింపు, అంటే 2.4 మీటర్లు. కానీ రెట్టింపు దూరంలో ఆ 2.4 మీటర్లు మన కంటికి సగానికి కుదించుకుని కనిపిస్తాయి. ఒకటి పెంచినదాన్ని మరొకటి తగ్గించేసింది. తెర మీద మిగిలేది మనిషి వేగాన్ని తూటా వేగంతో భాగించగా వచ్చే కోణం మాత్రమే, అందులో దూరానికి చోటు లేదు. కార్98కేకి అది అర డిగ్రీ కన్నా కాస్త తక్కువ. మనిషి వెడల్పులతో లెక్కపెడితే లీడ్ పెరుగుతున్నట్టు అనిపించడానికి కారణం, కొలబద్ద అయిన మనిషే దూరంలో చిన్నగా కనిపించడం.

ఆ రోజునుంచి ఒకటే స్కోపు వాడుతూ, అడ్డగీత మీద ఒకే చోటును గుర్తుపెట్టుకుని ఆడుతున్నాను. స్కోపు మారిస్తే ఆ చోటు మారుతుంది. 8ఎక్స్‌లో అదే కోణం 4ఎక్స్‌లో కన్నా రెట్టింపు వెడల్పుగా కనిపిస్తుంది. గాలి వల్ల తూటా దారిలో నెమ్మదిస్తుంది కాబట్టి బాగా దూరంలో మరికొంచెం ముందుకు జరపాలి. అతను నేరుగా అడ్డంగా కాక ఏటవాలుగా పరుగెత్తితే తగ్గించాలి. నా వైపో, నాకు దూరంగానో, నా చూపు రేఖకు ముప్పై డిగ్రీల కోణంలో వెళ్తుంటే లీడ్ సగమే.

తూటా కిందికి జారడం మాత్రం ఈ సూత్రానికి లొంగదు. దూరం రెట్టింపైతే పడిపోవడం నాలుగు రెట్లు అవుతుంది, అందువల్ల తెర మీద కూడా పెరుగుతూనే ఉంటుంది. నిలువు గురికి దూరం తెలియాలి, అడ్డం గురికి అక్కర్లేదు. ఇది తెలిశాక నా పని సగమైంది. దూరాన్ని అంచనా వేసి `Page Up`, `Page Down` మీటలతో స్కోపు దూరం మార్చుకుంటాను, లీడ్ గురించి మళ్లీ ఆలోచించను. ఫోనులో ఆడేవారికి మీటలు వేరు, సూత్రం ఇదే.

తుపాకీ మారితే మాత్రం మొదటికి వస్తుంది. మినీ14 తూటా వేగం 990 మీటర్లు, కాబట్టి గుర్తు మధ్యకు దగ్గరవుతుంది. వీఎస్ఎస్ వేగం 330 మాత్రమే, గుర్తు రెండింతలకు పైగా దూరం జరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు పరుగెత్తేవాడి కన్నా నాలుగింతల లీడ్ కావాలి. దాన్ని కార్98కేతో కొట్టడానికి ప్రయత్నించడం తూటాల దండగ అని నా అభిప్రాయం.

ఇంత సాధన చేసిన చేయితో ఏడబ్ల్యూపీ పట్టుకున్నాను. తలుపు సందులో అడ్డంగా దాటేవాణ్ని చూడగానే చేయి తనంతట తానే ముందుకు జరిగేది, గీసిన రేఖ అతని ముక్కు ముందునుంచి పోయేది. హిట్‌స్కాన్‌లో లీడ్ అనేదే తప్పు. అక్కడ పరీక్ష ఊహది కాదు, సమయానిది: మనిషి మీద గురి ఉన్న ఆ క్షణంలో మీట నొక్కామా లేదా. ఇంటర్నెట్ ఆలస్యం సంగతి ఏమిటని అడగవచ్చు. కౌంటర్ స్ట్రైక్ సర్వర్ మనం నొక్కిన క్షణానికి ఆటను వెనక్కి తిప్పి, అప్పుడు మన తెర మీద ఎవరు ఎక్కడ ఉన్నారో చూసి తీర్పు చెబుతుంది. తొలినాటి క్వేక్ ఆటల్లో ఈ ఏర్పాటు లేదు, అందుకే హిట్‌స్కాన్ తుపాకీకి కూడా పింగును, అంటే ఆ ఆలస్యాన్ని బట్టి ముందు కాల్చేవారు. ఇప్పుడు ఆ అలవాటు ఉంటే నష్టమే. దీనికి మరో వైపు కూడా ఉంది: గోడ చాటుకు చేరాక చనిపోయానని మనకు అనిపించేది ఈ వెనక్కి తిప్పడం వల్లే.

కొత్త ఆటలో తుపాకీ ఏ రకమో తెలియకపోతే, తెర మీద మెరిసే తూటా గీతను నమ్మకండి. హిట్‌స్కాన్ ఆటల్లో అది అలంకారం మాత్రమే. అందుబాటులో ఉన్న అతి దూరపు గోడను కాల్చి, మీట నొక్కడానికి, రంధ్రం పడటానికి మధ్య ఎడం ఉందేమో చూడండి. ఒకే ఆటలో రెండూ ఉండవచ్చు: ఓవర్‌వాచ్‌లో విడోమేకర్ అనే పాత్ర తుపాకీది రేఖ, హాంజో అనే పాత్ర బాణం మాత్రం ఎగిరి వెళ్తుంది.

రెండింటిలో నాకు కార్98కేయే ఇష్టం, కానీ దాని హద్దు కూడా చెప్పాలి. 0.4 సెకనులో ఎదుటివాడు దిక్కు మార్చుకుంటే ఎంత సరైన లీడ్ అయినా వృథా. వంకరటింకరగా పరుగెత్తేవాడి మీద నేనిప్పుడు కాల్చను. చెట్టు చాటుకు చేరి ఆగేదాకా కాచుకుంటాను. వీఎస్ఎస్‌ను అయితే 100 మీటర్లు దాటిన మనిషి మీదకు ఎత్తను.