ఫోనుతో గొంతు రికార్డింగ్: ఏ గది మేలు, ఎంత దూరం మేలు, మైకు ఎక్కడ ఉంటే మేలు?

రికార్డ్ చేసిన గొంతును సాఫ్ట్‌వేర్‌తో ఎంత శుభ్రం చేసినా మొండిగా మిగిలేది గది మోత. ఫ్యాను హోరు లాంటిది ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి, మాటలు లేని చోట దాని నమూనా తీసుకుని మిగతా అంతటా కొంతవరకు తగ్గించవచ్చు. గది మోత అలా లొంగదు, ఎందుకంటే అది మన గొంతే. గోడలకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగివచ్చి తర్వాతి అక్షరం మీద పడుతుంది. దాన్ని తీసేయబోతే అక్షరం కూడా అరిగిపోతుంది. అందువల్ల ఎడిటింగ్ దాకా వెళ్లకముందే చేసుకోవలసిన మూడు ఎంపికలను ఒక్కొక్కటిగా మార్చి పోల్చి చూశాను. ఫోను ఒకటే, గొంతు ఒకటే, చదివిన వాక్యమూ ఒకటే: "పాత బావి పక్కన భటుడు పడిగాపులు పడ్డాడు, శశి సన్నగా ఈల వేశాడు." ఇందులో ప, బ, భ అక్షరాలు నోటి గాలి మైకును కొడుతోందో లేదో చెబుతాయి. శ, స అక్షరాలు గొంతు మసకబారిందో లేదో చెబుతాయి.

మొదటి పోటీ మూడు చోట్ల మధ్య: ఖాళీ హాలు, పడకగది, దుప్పటి ముసుగు. హాలులో చప్పట్లు కొడితే ఆ శబ్దం వెంటనే ఆగదు. ఎదురెదురు గోడల మధ్య తిరుగుతూ, తీగ మీటినట్టు సన్నగా కంపిస్తుంది. అక్కడ చదివిన వాక్యంలో "వేశాడు" అన్న మాట ముగిశాక కూడా దాని తోక వినిపించింది. పడకగదిలో పరుపు, దిండ్లు, కర్టెన్లు, తలుపు తెరిచి ఉంచిన బట్టల అలమర ఉంటే చప్పట్లు పొడిగా తెగిపోతాయి. ఇక దుప్పటి ముసుగు చాలామంది చెప్పే చిట్కా. మోత నిజంగానే తగ్గింది కానీ శ, స అక్షరాల అంచులు పోయాయి, గొంతు పెట్టెలో బంధించినట్టు వచ్చింది. పలుచని బట్ట పై స్థాయి శబ్దాలను పీల్చుకుంటుంది, కింది స్థాయి శబ్దాలను దాదాపుగా వదిలేస్తుంది. ఆ తూకం తప్పడమే ఈ మందకొడితనానికి కారణం. పైగా లోపల ఉక్కపోత, కాగితం కనపడదు.

నా ఓటు పడకగదికే. అయితే గదిలో ఎటు తిరిగి నిలబడతామన్నది కూడా ముఖ్యమే. గొంతు ప్రధానంగా ముందుకే వెళ్తుంది కాబట్టి, మొదట అది తగిలేది మెత్తనిదై ఉండాలి. అలమరలోని బట్టలకు ఎదురుగా నిలబడి, మనకూ బట్టలకూ మధ్య ఫోను ఉంచితే మంచిది. మూలలో మాత్రం నిలబడకూడదు, అక్కడ కింది స్థాయి శబ్దాలు పోగుపడి గొంతు బరువెక్కుతుంది. ఫ్యాను, ఏసీ ఆపడం గురించి తర్జనభర్జన అక్కరలేదు, ఆపాల్సిందే.

రెండో ఎంపిక దూరం. నా దృష్టిలో మూడింటిలో అసలైనది ఇదే, అయినా ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు. మైకుకు మన నోటి నుంచి నేరుగా చేరే శబ్దం, దూరం సగమైతే సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది మోత మాత్రం గదంతా ఇంచుమించు సమానంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి, మైకు ఎక్కడున్నా దాని మట్టం పెద్దగా మారదు. అంటే ఫోనును 80 సెంటీమీటర్ల నుంచి 40కి, 40 నుంచి 20కి తెస్తే, గది మోత మీద గొంతుకు సుమారు 12 డెసిబెల్స్ ఆధిక్యం వస్తుంది. గోడలకు ఏమీ అతికించకుండా, ఏమీ కొనకుండా దొరికే లాభం ఇది. ఫోను మైకులు సాధారణంగా అన్ని వైపుల నుంచీ వచ్చే శబ్దాన్ని ఒకే రీతిలో వింటాయి. అందుకే ఫోనును గోడ నుంచి పక్కకు తిప్పినంత మాత్రాన మోత తగ్గదు, దగ్గరకు తెస్తేనే తగ్గుతుంది.

అలాగని నోటికి ఆనించడమూ మేలు కాదు. 5 సెంటీమీటర్ల దగ్గర చదివినప్పుడు "పడిగాపులు" అన్న చోట తరంగరేఖ పైభాగం కత్తిరించినట్టు చదునుగా మారింది. అలా చదునైన చోట శబ్దం పగిలినట్టే, తర్వాత బాగుచేయడం చాలా కష్టం. 80 దగ్గర మరో ఇబ్బంది కనిపించింది. చాలా ఫోన్లు శబ్దం తగ్గినప్పుడు వాటంతటవే మట్టాన్ని పెంచుతాయి. అందువల్ల వాక్యాల మధ్య మౌనంలో గది గుసగుస పైకి లేచి, మాట మొదలవగానే అణిగిపోయింది. వినేవారికి అది ఊపిరి పీల్చి వదులుతున్నట్టు తోస్తుంది. నాకు కుదిరినది 15 నుంచి 20 సెంటీమీటర్లు. బొటనవేలు, చిటికెన వేలు బార్లా చాపితే పెద్దల చేతికి వచ్చే జానెడు దాదాపు అంతే. ప్రతిసారీ జానెడుతో కొలుచుకుంటే నిన్నటి రికార్డింగ్, నేటి రికార్డింగ్ అతికించినప్పుడు తేడా తెలియదు.

మైకు ఎక్కడ ఉండాలన్న మూడో ఎంపికకు ముందు, అసలు మైకు ఎక్కడుందో తెలుసుకోవాలి. మాటల కోసం వాడే ప్రధాన మైకు సాధారణంగా ఛార్జింగ్ రంధ్రం పక్కన, ఫోను కింది అంచులో ఉంటుంది. వీడియో తీసేటప్పుడు కొన్ని ఫోన్లు కెమెరా దగ్గరి మైకును వాడతాయి. రికార్డింగ్ నడుస్తుండగా ఒక్కో రంధ్రం పక్కన వేలితో మెల్లగా గీకితే, ఎక్కడ గీకినప్పుడు మట్టం ఎగురుతుందో అదే పనిచేస్తున్న మైకు. ఆ చోటును వేలుగానీ కవరుగానీ మూయకుండా చూసుకోవాలి.

మైకును నోటికి నేరుగా ఎదురుగా ఉంచితే స్పష్టత బాగుంటుంది, కానీ "పాత", "భటుడు" అన్నప్పుడు నోటి గాలి సూటిగా తగిలి ధబ్ మంటుంది. ఛాతీ దగ్గర ఉంచితే ధబ్ శబ్దం పోతుంది కానీ శ, స మందగిస్తాయి, కాగితం చప్పుడూ చేరుతుంది. ఈ రెండింటికన్నా నోటి మూలకు పక్కగా, సుమారు 45 డిగ్రీల కోణంలో, పెదవుల ఎత్తులోనే ఉంచడం మేలు. గాలి సన్నని పాయగా ముందుకు పోతుంది, శబ్దం అంతకన్నా వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ తేడానే మనం వాడుకుంటున్నాం. కచ్చితమైన చోటు కోసం అరచేతిని నోటి ముందు పెట్టి "ప ప ప" అంటూ మెల్లగా పక్కకు జరపండి. చేతికి గాలి తగలడం ఆగిన చోటే మైకు స్థానం. అంతకన్నా పక్కకు, చెవి వైపు వెళ్తే మళ్లీ శ, స పలుచబడతాయి.

ఫోనును చేత్తో పట్టుకోవడం నాకు ఎప్పుడూ కలిసిరాలేదు. రెండో పేజీకి చేయి జారుతుంది, దూరం మారుతుంది, వేళ్ల రాపిడి వినిపిస్తుంది. బల్ల మీద పడుకోబెడితే బల్ల నుంచి తిరిగివచ్చే శబ్దం అసలు గొంతుతో కలిసి, డొల్లగా వినిపిస్తుంది. పుస్తకాలు పేర్చి, పైన మడతపెట్టిన తువ్వాలు వేసి, దానికి ఆనించి ఫోనును నిలబెడితే ఈ రెండూ తప్పుతాయి. మైకున్న అంచు తువ్వాలులో కూరుకుపోకుండా ఫోనును తలకిందులుగా నిలపండి.

అంతా అమర్చాక ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పది సెకన్లు మౌనంగా ఉండి, పరీక్ష వాక్యం చదివి ఇయర్‌ఫోన్లలో వినండి. మాట చివర తోక వినిపిస్తే ఇంకాస్త దగ్గరకు జరపాలి. ధబ్ మంటే దూరం మార్చకుండా కోణం పెంచాలి. మట్టం చూపే మీటరు ఉంటే గట్టిగా పలికిన చోట సూచీ -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్య ఆగాలి. మొదట్లో ఉన్న ఆ పది సెకన్ల మౌనాన్ని చెరపకండి, మిగిలిన హోరు తగ్గించడానికి నమూనాగా పనికొచ్చేది అదే.