మామిడికాయ పప్పు: పప్పును, కాయను వేరుగా ఉడికించే పద్ధతిపై నా సమీక్ష

వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మామిడికాయ పప్పు తరచుగా ఉండాల్సిందే. కందిపప్పును ఒక గిన్నెలోను, మామిడి ముక్కలను మరో గిన్నెలోను పెట్టి, రెంటినీ ఒకే ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, పప్పు మెదిపిన తర్వాతే ముక్కలు కలిపే పద్ధతిని కొన్నేళ్లుగా పాటిస్తున్నాను. పప్పు కమ్మగా ఉండడానికి నెయ్యి ఎక్కువ పోయాలని చాలామంది అనుకుంటారు కానీ, నా అనుభవంలో కమ్మదనం ముందుగా పప్పు పూర్తిగా ఉడకడం నుంచే వస్తుంది. గింజ విచ్చుకుని, అందులోని పిండి పదార్థం నీటిలో కలిసి చిక్కబడినప్పుడే నాలుకకు ఆ నిండుదనం తెలుస్తుంది. పలుకు మిగిలిన పప్పులో ఎంత నెయ్యి వేసినా అది పైన తేలుతుందే తప్ప రుచిలో కలవదు.

కొలతల విషయానికొస్తే, ఒక కప్పు కందిపప్పును, అంటే సుమారు 200 గ్రాములను, నీళ్లు తేరుకునే వరకు కడిగి అరగంట నానబెడతాను. నానిన నీళ్లు వంపేసి, రెండున్నర కప్పుల మంచినీళ్లు, పావు చెంచా పసుపు, అర చెంచా నూనె వేసి గిన్నెను కుక్కర్‌లో ఉంచుతాను. నూనె వేయడం వల్ల నురుగు తగ్గుతుంది. గిన్నె వాడకుండా పప్పును నేరుగా కుక్కర్‌లోనే వండేవారికి ఇది మరింత అవసరం, ఎందుకంటే ఆ నురుగే విజిల్ గొట్టంలోకి ఎక్కి అడ్డుపడుతుంది. వారు కుక్కర్‌ను సగానికి మించి నింపకూడదు కూడా. మొదటి కూత రాగానే మంట బాగా తగ్గించి 12 నిమిషాలు ఉంచి, స్టవ్ ఆపి, ఆవిరి తనంతట తాను దిగేదాకా మూత తీయను. కూతల లెక్కను నేను నమ్మను. మంట పెద్దదైతే నాలుగు కూతలు కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తాయి, చిన్నదైతే అవే నాలుగు రావడానికి పావుగంట పట్టవచ్చు; పప్పుకు కావలసింది వేడిలో గడిపిన సమయం. మూత పెట్టని గిన్నెలో నీటి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, కుక్కర్‌లో అది సుమారు 120 డిగ్రీల దాకా వెళుతుంది. అందుకే మూకుడులో ముప్పావు గంట తీసుకునే కందిపప్పు కుక్కర్‌లో ఇంత త్వరగా మెత్తబడుతుంది. నానబెట్టే వీలు లేని రోజున మరో ఐదారు నిమిషాలు అదనంగా ఇవ్వాలి. కమ్మని వాసన కోసం పప్పును దోరగా వేయించి వండేవారు కూడా ఇంకొంత సమయం కలుపుకోవాలి, ఎందుకంటే వేయించిన పప్పు నిదానంగా ఉడుకుతుంది.

ఇంత జాగ్రత్తగా వండినా పప్పు ఒక్కోసారి గట్టిగానే మిగిలిపోవడానికి మూడు కారణాలు ఉంటాయి. మొదటిది పులుపు. గింజలోని కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం కరిగితేనే పప్పు మెత్తబడుతుంది, కానీ పుల్లని నీటిలో అది కరగడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. మామిడికాయ, చింతపండు, గోంగూర, టమాటా ఏదైనా సరే మొదటే పప్పులో కలిపితే, కాయ ముక్కలు గుజ్జైపోయినా పప్పు గింజ మాత్రం అంచు చెదరకుండా నిలిచే ఉంటుంది. నేను ముక్కలను వేరే గిన్నెలో పెట్టడానికి కారణం ఇదే. తోలు, టెంక తీసిన ఒక మధ్యస్థమైన కాయను కాస్త పెద్ద ముక్కలుగా కోసి, రెండు పచ్చిమిరపకాయలతో పాటు చిన్న గిన్నెలో వేసి, నీళ్లేమీ పోయకుండా పప్పు గిన్నెపై మూతలా నిలబెడతాను.

రెండో కారణం నీరు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. అవి అదే పెక్టిన్‌ను పట్టుకుని మరింత బిగిస్తాయి. హైదరాబాద్‌లో బోరు నీటి మీద ఆధారపడే ఇళ్లలో ఈ సమస్య ఎక్కువగా చూశాను. కుక్కర్ అడుగున తెల్లని పొర కడుతున్నా, సబ్బు సరిగా నురగరాకపోయినా నీటినే అనుమానించాలి. దీన్ని తేల్చుకోవడం తేలిక: ఒకే పప్పును రెండు చిన్న గిన్నెల్లో, ఒకదానిలో కుళాయి నీళ్లు, మరొకదానిలో ఫిల్టర్ నీళ్లు పోసి ఒకే కుక్కర్‌లో ఉడికించి చూస్తే తేడా ఉందో లేదో వెంటనే తెలిసిపోతుంది. మూడో కారణం పప్పు పాతబడడం. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న పప్పు ఎంత ఉడికించినా పూర్తిగా మెత్తబడదు. అన్నిటికంటే ఇబ్బంది, అంగడిలో పాత పప్పును కొత్తదానితో కలిపి అమ్మడం. అప్పుడు కొన్ని గింజలు కరిగిపోయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. మూడింటిలో ఏది కారణమో మూత తీయగానే చాలావరకు తెలుస్తుంది: గింజలన్నీ ఒకేలా గట్టిగా ఉంటే నీరో పులుపో, లేదా పప్పంతా పాతబడి ఉండడమో కారణం, ఒకటి మెత్తగా ఒకటి గట్టిగా ఉంటే పాత, కొత్త పప్పు కలవడమే కారణం.

పులుపు కలపకముందే పలుకు కనబడితే, బాగా వేడి నీళ్లు కొద్దిగా పోసి మళ్లీ కుక్కర్ పెట్టి మరో పది నిమిషాలు ఉడికించవచ్చు. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుంది కానీ, కాస్త ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పప్పులోని బి1 విటమిన్ కూడా నశిస్తుంది; తప్పనిసరైతే తప్ప నేను దాని జోలికి వెళ్లను. పులుపు కలిపేశాక మాత్రం మళ్లీ ఉడికించినా పెద్దగా ఫలితం ఉండదు.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదన్న మాట మా పెద్దలందరూ చెప్పేదే. ఉప్పు వేసి, వేయకుండా రెండు విధాలా వండి చూశాను. పొట్టు తీసిన కందిపప్పులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉప్పులోని సోడియం కాల్షియంలా గింజను బిగించదు. అయినా నేను ఉప్పును చివరే వేస్తాను, కారణం మాత్రం వేరు. పప్పు ఎంత చిక్కబడిందో, కాయ ఎంత పుల్లగా ఉందో ముందే తెలియదు, పుల్లని కాయకు ఉప్పు కాస్త ఎక్కువ పడుతుంది. అందుకని పప్పుగుత్తితో మెదిపి, మామిడి ముక్కలు కలిపాక, ఒక చెంచా ఉప్పుతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ సరిచేసి, సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు ఉడకనిస్తాను. ఆ ఉడుకు లేకపోతే ఉప్పు పైపైనే ఉన్నట్టు అనిపిస్తుంది.

తిరగమోత చివరి పని, పైగా త్వరగా జరిగిపోయేది కాబట్టి దినుసులన్నీ ముందే పక్కన పెట్టుకోవాలి. రెండు చెంచాల నూనె వేడెక్కాక ఆవాలు, వాటి వెంటనే మినప్పప్పు వేస్తాను. ఆవాలు చిటపటలాడడం తగ్గే వరకు ఆగకపోతే పచ్చివాసనతో చేదుగా ఉంటాయి. మినప్పప్పు ఎర్రబడుతుండగా ఎండుమిరప, జీలకర్ర, పొట్టుతోనే దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఆపై కరివేపాకు వేసి, మంట ఆపిన తర్వాతే ఇంగువ వేస్తాను. జీలకర్ర, ఇంగువ మాడడానికి క్షణం చాలు. దినుసుల వాసనల్లో ఎక్కువ భాగం నీటిలో కాక నూనెలోనే కరుగుతాయి, అందుకే వాటిని పప్పులో వేసి ఉడికించడం కంటే ఇలా నూనెలో వేయించి కలిపితే రుచి బాగా పడుతుంది. తిరగమోతను పప్పులో పోయగానే మూత పెట్టి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి, ఆ తర్వాత మళ్లీ మరిగించకూడదు, మరిగిస్తే ఆ పరిమళం ఆవిరితో పోతుంది. నెయ్యి మాత్రం నేను తిరగమోతలో వాడను, వేడి అన్నంలో పప్పు కలిపేటప్పుడు విడిగా వేసుకుంటాను.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. మామిడి ముక్కలు పప్పుతో కలిసి ఉడకవు కనుక, కలిపిన వెంటనే తింటే పులుపు పప్పులోకి పూర్తిగా దిగినట్టు ఉండదు. వండిన గంట తర్వాత వడ్డిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. అప్పటికి పప్పు చిక్కబడి ఉంటుంది కాబట్టి పావు కప్పు వేడి నీళ్లు కలిపి సన్నని మంట మీద వెచ్చబెట్టి, ఉప్పు మరోసారి చూసుకోవాలి. గంట తర్వాత వడ్డించాలనుకున్న రోజున తిరగమోతను కూడా అప్పటిదాకా ఆపి, వెచ్చబెట్టిన తర్వాతే వేస్తాను.